రెండు పెట్టెల నమూనా: సగం సగం అయ్యాక బంతులు ఆగిపోతాయా?

మొన్న ఒక విద్యార్థిని ల్యాప్‌టాప్ పట్టుకుని నా గదికి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మేడమ్, ప్రోగ్రాం మూడుసార్లు మొదటి నుంచి రాశాను. ఎన్ని లక్షల అడుగులు నడిపినా బంతులు యాభై, యాభై దగ్గర నిలవడం లేదు. తప్పెక్కడో దొరకడం లేదు" అంది. తెరమీద చూశాను. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. బంతులు నిలవాలని ఆమెకు ఎవరో చెప్పిన మాటే తప్పు. ఎమ్మెస్సీ పిల్లలకు మార్కోవ్ శృంఖలాలు, అంటే తర్వాతి అడుగు ఇప్పటి స్థితి మీద మాత్రమే ఆధారపడే ప్రక్రియలు, చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి ఏటా ఈ బాధ చూస్తూనే ఉన్నాను. సరైన ప్రోగ్రాంను చెరిపేసి, లేని తప్పు కోసం రాత్రంతా వెతికే పిల్లలను చూస్తే జాలి వేస్తుంది. "సమతాస్థితి అంటే ఆగిపోవడం" అని ఒక్క వాక్యంలో తేల్చేసే గైడు పుస్తకాలను చూస్తే మాత్రం కోపం వస్తుంది.

అపోహ: సగం సగం అయ్యాక వ్యవస్థ అక్కడే ఉంటుంది. వెనక్కి వెళ్లదు.

ఈ నమూనాను 1907లో పాల్, తత్యానా ఎరెన్‌ఫెస్ట్ దంపతులు ప్రతిపాదించారు. రెండు పెట్టెలు, వాటిలో N బంతులు. ప్రతి అడుగులోనూ ఒక బంతిని యాదృచ్ఛికంగా ఎంచుకుని, అది ఏ పెట్టెలో ఉంటే అందులోంచి రెండో పెట్టెలోకి మార్చాలి. అంతే. ఎడమ పెట్టెలో k బంతులుంటే, అడుగు తర్వాత k−1 కావడానికి సంభావ్యత k/N, k+1 కావడానికి (N−k)/N.

నేను తరగతిలో దీన్ని నాలుగు చింతగింజలతో, రెండు గిన్నెలతో చేయిస్తాను. గింజల మీద 1 నుంచి 4 వరకు అంకెలు వేసి, అవే అంకెలున్న చీటీలలోంచి ఒకటి తీయిస్తాను. వచ్చిన అంకె గల గింజ గిన్నె మారాలి. చీటీని మళ్లీ కలిపేయాలి. పది నిమిషాలు ఆడితే ఎవరికైనా తెలుస్తుంది, గింజలు ఎక్కడా ఆగవు. ఆగే వీలే లేదు, ఎందుకంటే ప్రతి చీటీకీ ఒక గింజ మారి తీరాలి. రెండు, రెండు అయిన మరుక్షణమే మూడు, ఒకటి అవుతుంది.

మరి స్థిరమైనది ఏది? బంతుల సంఖ్య కాదు, ఆ సంఖ్య తాలూకు విభాజనం, అంటే ఏ సంఖ్యకు ఎంత సంభావ్యత అన్నది. నాలుగు గింజలకు, ఎడమ గిన్నెలో 0 నుంచి 4 వరకు వరుసగా, అది 1/16, 4/16, 6/16, 4/16, 1/16. ద్విపద విభాజనమే. దీన్ని కంఠస్థం చేయనక్కర్లేదు. పక్కపక్కనున్న రెండు స్థితుల మధ్య రాకపోకలు సరిచూస్తే చాలు. ఎడమ గిన్నెలో నాలుగూ ఉన్న స్థితి నుంచి మూడుకు వెళ్లే ప్రవాహం 1/16 × 1. మూడు నుంచి నాలుగుకు వచ్చే ప్రవాహం 4/16 × 1/4. రెండూ 1/16. మూడుకూ రెండుకూ మధ్య చూడండి: 4/16 × 3/4, 6/16 × 2/4. రెండూ 3/16. వెళ్లేంత వస్తోంది, వచ్చేంత వెళ్తోంది. సమతాస్థితి అంటే ఇదే. నడిరోడ్డు మీద వాహనాలు ఆగిపోవడం కాదు, రెండు వైపులా సమానంగా తిరగడం.

ఇక 100 బంతులు తీసుకుందాం. సరిగ్గా 50, 50 ఉండే సంభావ్యత సుమారు 0.08 మాత్రమే. అంటే దీర్ఘకాలంలో 92 శాతం సమయం వ్యవస్థ సగం సగంగా లేదు! ప్రామాణిక విచలనం √N/2, అంటే 5. 40కీ 60కీ మధ్య తిరుగుతూ దాదాపు 96 శాతం సమయం గడుపుతుంది. ఆ అమ్మాయి తెరమీద కనిపించింది సరిగ్గా ఇదే.

వెనక్కి వెళ్లదన్న మాటా నిజం కాదు. ఒక స్థితికి తిరిగి రావడానికి పట్టే సగటు అడుగులు, స్థిర విభాజనంలో ఆ స్థితి సంభావ్యతకు విలోమం. అన్ని బంతులూ మొదటి పెట్టెలోకి తిరిగి రావడానికి సగటున 2^N అడుగులు. అడుగుకు ఒక సెకను చొప్పున లెక్కవేస్తే 4 బంతులకు 16 సెకన్లు. 20 బంతులకు 12 రోజులు. 40 బంతులకు సుమారు 34,800 సంవత్సరాలు. తిరిగి రావడం అసాధ్యమని నియమంలో ఎక్కడా లేదు, మనం అంతకాలం కూర్చోలేము. "ప్రతి స్థితీ ఎప్పటికో తిరిగి వస్తుంది కదా, మరి ఎంట్రోపీ పెరుగుతూనే ఉంటుందని ఎలా అంటారు?" అని 1896లో గణితజ్ఞుడు జెర్మెలో భౌతిక శాస్త్రవేత్త బోల్ట్జ్‌మన్‌ను ప్రశ్నించాడు. ఎరెన్‌ఫెస్ట్ దంపతులు ఈ పెట్టెలను ముందుకు తెచ్చింది అలాంటి అభ్యంతరాలను విప్పి చూపడానికే.

అంతకు ముందు లోష్మిట్ లేవనెత్తిన అభ్యంతరం కాలాన్ని తిప్పి చూడమంటుంది: కదలికలను వెనక్కి తిప్పినా నియమాలు చెల్లుతాయి కదా, మరి కాలానికి దిశ ఎక్కడి నుంచి వచ్చింది? దీని జవాబు నాకు చాలా ఇష్టం. చాలాసేపటి నుంచి నడుస్తున్న 100 బంతుల రికార్డులో k = 60 ఉన్న ఒక క్షణాన్ని తీసుకోండి. తర్వాతి అడుగులో 59 కావడానికి సంభావ్యత 0.6. మరి అంతకు ముందటి అడుగులో ఎంత ఉండి ఉంటుంది? "61 నుంచి దిగి వచ్చి ఉంటుంది" అని తరగతి మొత్తం అంటుంది. కాదు. ముందు 59 ఉండి ఉండడానికి సంభావ్యత కూడా 0.6 మాత్రమే, 61కి 0.4. పైన చూసిన సమాన ప్రవాహాలే దీనికి కారణం. సగానికి దూరంగా ఉన్న ప్రతి చోటూ ముందుకు చూసినా వెనక్కి చూసినా సగం వైపే వాలు ఎక్కువ. వీడియోను వెనక్కి తిప్పితే తేడా కనిపెట్టలేరు. మనం 100, 0తో మొదలుపెట్టినప్పుడు మాత్రమే కాలానికి దిశ కనిపిస్తుంది, ఎందుకంటే ఆ అసాధారణ ఆరంభాన్ని మన చేత్తో మనమే పెట్టాం.

అపోహ: సగం వైపు లాగే బలం ఏదో ఉంది. లేదు. ఎక్కువ బంతులున్న పెట్టెలోంచే బంతి ఎంపికయ్యే అవకాశం ఎక్కువ, అంతకు మించి ఏమీ లేదు.

అపోహ: ఎంత కాలం నడిపితే అంతగా ద్విపదకు దగ్గరవుతుంది. ఇక్కడ జాగ్రత్త. 100తో మొదలుపెడితే సరిసంఖ్య అడుగుల తర్వాత k ఎప్పుడూ సరిసంఖ్యే. వెయ్యోసారి అడుగు తర్వాత మాత్రమే చూసి పటం గీస్తే బేసి సంఖ్యల దగ్గర ఖాళీలు కనిపిస్తాయి. తప్పు ప్రోగ్రాంలో లేదు, ఈ శృంఖలానికి ఆవర్తనం 2, అంటే ఏ స్థితికైనా సరిసంఖ్య అడుగుల్లోనే తిరిగి రాగలదు. అన్ని అడుగులనూ కలిపి లెక్కిస్తే ద్విపద వస్తుంది. లేదా ఎంచుకున్న బంతిని ఏ పెట్టెలో వేయాలో నాణెం ఎగరేసి నిర్ణయించండి. ఆవర్తనం పోతుంది, స్థిర విభాజనం మారదు.

అపోహ: బంతికి బదులు పెట్టెను ఎంచుకున్నా ఒకటే. నిజంగా ప్రోగ్రాంలు చెడేది ఇక్కడ. నాణెం వేసి పెట్టెను ఎంచుకుని, అందులోంచి ఒక బంతిని మార్చితే (ఖాళీ పెట్టె వస్తే ఏమీ చేయకపోతే) 0 నుంచి N వరకు అన్ని సంఖ్యలకూ సమాన సంభావ్యత వస్తుంది. పటంలో మధ్యలో గుట్ట లేకుండా చదునుగా కనిపిస్తే వెంటనే ప్రోగ్రాంలో k మారే వరుసను చూడండి. సరైనది ఇది:

```python
import random
N, k = 100, 100
count = [0]*(N+1)
for t in range(1000000):
    k += -1 if random.random() < k/N else 1
    count[k] += 1
```

ఇది నడిపాక `count[50]` విలువ 80 వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పది లక్షలు ఉండదు. ఆ అమ్మాయి ప్రోగ్రాంలోనూ అంతే వచ్చింది. చెరిపేసిన మొదటి రెండింటిలోనూ బహుశా అంతే వచ్చి ఉంటుంది.