రెండో ప్రమేయం కంటికి ఆనని సంఖ్యలు

బెంగళూరులో మా పై అంతస్తులో ఉండే తెలుగమ్మాయి పీయూసీ రెండో ఏడు చదువుతోంది. "అంకుల్, g∘f వన్-వన్ అయితే f, g రెండూ వన్-వన్ అయినట్టేనా?" అని అడిగింది. f కచ్చితంగా వన్-వన్ అవుతుంది, g మాత్రం కానక్కర్లేదు. వేర్వేరు సంఖ్యలను వేర్వేరు విలువలకే పంపే ప్రమేయం వన్-వన్, చేరాల్సిన సమితిలోని ప్రతి విలువనూ అందుకునేది ఆన్‌టూ. వన్-వన్‌ని మన తెలుగు పుస్తకాల్లో అన్వేకం అంటారు, ఆన్‌టూని సంగ్రస్తం అంటారు. దీనికి నాకు ఎంతో ఇష్టమైన జంట ఒకటుంది.

f: [0, ∞) → ℝ, f(x) = √x
g: ℝ → [0, ∞), g(x) = x²

ముందు f, తర్వాత g. 9 ఇస్తే f దాన్ని 3 చేస్తుంది, g మళ్లీ 9 చేస్తుంది. ఏ సంఖ్య ఇచ్చినా అదే తిరిగొస్తుంది కాబట్టి g∘f అన్వేకమూ, సంగ్రస్తమూ. ఇప్పుడు విడివిడిగా చూడండి. g(3), g(−3) రెండూ 9 కాబట్టి g అన్వేకం కాదు. f ఎప్పటికీ −3 ఇవ్వదు కాబట్టి f సంగ్రస్తం కాదు. చెరొక లోపమున్నా కలిస్తే ఏ లోపమూ లేదు!

g తడబడేది రుణసంఖ్యలు కూడా వచ్చినప్పుడే. f వాటిని దాని దగ్గరికి పంపనే పంపదు. g∘f అన్వేకం కావాలంటే f అన్వేకం కావాలి, f వ్యాప్తి మీద, అంటే f నిజంగా ఇచ్చే విలువల మీద, g అన్వేకంగా ఉండాలి. అంతకుమించి అక్కర్లేదు. f దగ్గరే రెండు సంఖ్యలు ఒకటైపోతే మాత్రం g చేతికి వచ్చేది ఒక్కటే, దాన్ని మళ్లీ రెండుగా విడదీయలేదు. సంగ్రస్తం సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. చివరి విలువలన్నీ g నుంచే రావాలి కాబట్టి g సంగ్రస్తం కాక తప్పదు. పైగా f వ్యాప్తిలోని సంఖ్యలతోనే g అన్నిటినీ అందుకోవాలి. వీటిని వేర్వేరు సిద్ధాంతాలుగా బట్టీ పట్టించడం నాకు నచ్చదు. f వ్యాప్తి ఎంతవరకు ఉందో బొమ్మ గీసి చూపిస్తే పిల్లలే చెప్పేస్తారు.

అసలు పొరపాటు విలోమం దగ్గర జరుగుతుంది. g∘f(x) = x అని తేలగానే g అనేది f కి విలోమమని రాసేస్తారు. వరుస మార్చి −3 ఇవ్వండి. g దాన్ని 9 చేస్తుంది, f దాన్ని 3 చేస్తుంది. −3 తిరిగి రాలేదు. f∘g(x) = |x| అన్నమాట. అందుకే రెండు వైపులా సరిచూడాలి. f సహప్రదేశాన్నీ, g ప్రదేశాన్నీ [0, ∞) కి కుదిస్తే అప్పుడు నిజంగా ఒకదానికొకటి విలోమాలవుతాయి.

రెండు సమితుల్లోనూ సమానంగా, పరిమితంగా మూలకాలుంటే ఒకవైపు చూస్తే చాలు. అయిదు మూలకాలు అయిదు వేర్వేరు చోట్లకి వెళ్తే ఖాళీ మిగలదు. అనంత సమితుల్లో ఈ భరోసా లేదు. సహజ సంఖ్యల మీద n ని n + 1 కి పంపండి. ఏ రెండూ ఒకచోట కలవవు, అయినా 1 దగ్గరికి ఎవరూ రారు.