ముందువాళ్లు సున్నం, వెనకవాళ్లు బొగ్గు: ఫోన్ ఫ్లాష్ లెక్క

ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "రాత్రిపూట ఇంట్లో అందరం కలిసి ఫొటో దిగితే, ముందు కూర్చున్న పిల్లల ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తాయి. వెనక నిలబడ్డ మామయ్యగారు అసలు కనపడరు. పైగా సగంమందికి ఎర్రకళ్లు. ఫోన్ మార్చాలా?"

అక్కర్లేదండీ. మామయ్యగారిని కాస్త ముందుకు జరిపితే చాలు. ఎందుకో తెలియాలంటే గదిలో దీపాలార్పి, ఫోన్ టార్చి వెలిగించి ఒక టేబుల్ మీద పెట్టండి. దానికి అరమీటరు దూరంలో ఒక అట్టముక్క పట్టుకుని, దాని నీడ మీటరు దూరంలో ఉన్న గోడ మీద పడేట్టు చూడండి. నీడ పొడవు రెట్టింపు, వెడల్పూ రెట్టింపు. అంటే ఆ నీడలో అలాంటి అట్టలు నాలుగు పడతాయి. అట్ట ఆపిన వెలుగంతా, అట్ట తీసేస్తే, అదే నాలుగింతల చోటు మీద పరుచుకోవాలి. కాబట్టి ఒక్కో చోటికి దక్కేది నాలుగో వంతే. గోడను మీటరున్నరకు జరిపితే నీడలో తొమ్మిది అట్టలు పడతాయి, దక్కేది తొమ్మిదో వంతు. బడిలో దూరపు వర్గానికి విలోమానుపాతం అని బట్టీ పట్టించి, గ్రహాల లెక్కలు చేయించి వదిలేస్తారు. ఈ అట్టముక్క చూపించి ఉంటే జన్మలో ఎవరూ మరిచిపోరు.

ఇప్పుడు ఆ ఫొటోకి వద్దాం. పిల్లలు ఫోనుకి 1 మీటరు దూరంలో ఉన్నారు, మామయ్యగారు 2 మీటర్లలో, వెనక గోడ 4 మీటర్లలో అనుకుందాం. పిల్లల మీద పడిన ఫ్లాష్ వెలుగు 16 పాళ్లయితే, మామయ్యగారి మీద పడేది 4 పాళ్లు, గోడ మీద 1 పాలు. ఫొటోకి ఎంత వెలుగు పోగుచేయాలో ఫోను ఫ్రేమంతా చూసి నిర్ణయించుకుంటుంది. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటిగోడే అయితే, దాన్ని పైకి లేపాలని చూస్తుంది. ఆ లేపడంలో పిల్లల నుదురు, ముక్కు, బుగ్గలు సెన్సర్ కొలవగలిగే హద్దు దాటిపోతాయి. హద్దు దాటిన చోట చర్మపు గీతలు, ఛాయలు నమోదే కావు. ఫొటోని పెద్దది చేసి నుదురు చూడండి. అక్కడ వట్టి తెలుపే ఉంటే ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా అది బూడిదరంగు మచ్చ అవుతుందే గాని నుదురు కాదు.

మరి మందేమిటి? ఫోను పట్టుకున్నవాళ్లు ఒక మీటరు వెనక్కి వెళ్లాలి, మామయ్యగారు పిల్లల వెనక అరమీటరు దూరంలోకి రావాలి. అప్పుడు దూరాలు 2 మీటర్లు, 2.5 మీటర్లు. 2 వర్గం 4, 2.5 వర్గం 6.25. భాగిస్తే 0.64. ఇందాక నాలుగో వంతు వెలుగు దక్కిన మనిషికి ఇప్పుడు దాదాపు మూడింట రెండొంతులు దక్కుతోంది. ఆ కాస్త తేడాని ఫోన్ సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది. మనుషులు చిన్నగా పడితే రెండింతల జూమ్ పెట్టుకోండి. అయితే దీనికో ఖరీదుంది: పిల్లల మీద పడే వెలుగు కూడా ముందున్నదానిలో నాలుగో వంతుకి పడిపోయింది. అందుకే గదిలో ఉన్న దీపాలన్నీ వేయండి. గోడని వెలిగించే పని వాటిది, ముఖాల మీది నీడలు తీసే పని మాత్రమే ఫ్లాష్‌ది. తర్వాత తెర మీద ముఖాన్ని వేలితో తాకి, పక్కన వచ్చే వెలుగు గుర్తును కొంచెం కిందికి లాగితే నుదుళ్లు తెల్లబడకుండా నిలుస్తాయి.

ఇదే లెక్క ఇంకో చోట పనికొస్తుంది. ఫ్లాష్ ఫొటోల్లో గాలిలో తేలే తెల్లని గుండ్రటి మచ్చలు కనపడితే, "ఆత్మలు" అని ప్రచారం చేసేవాళ్లున్నారు. లెన్స్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో ఒక దుమ్ముకణం ఉందనుకోండి. 2 మీటర్ల దూరంలోని ముఖం కంటే అది 40 రెట్లు దగ్గర. 40 వర్గం 1600. అంత వెలుగు పడ్డ కణం, ఫోకస్‌లో లేదు కాబట్టి చుక్కలా కాక బిళ్లలా పరుచుకుంటుంది. చీపురుతో గది ఊడ్చి వెంటనే ఫొటో తీస్తే ఎన్ని ఆత్మలు కావాలంటే అన్ని వస్తాయి.

ఎర్రకళ్ల కథ వేరు, అక్కడ దూరం కంటే కోణం ముఖ్యం. మసక గదిలో కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుని ఉంటుంది. ఫ్లాష్ వెలుగు అందులోంచి దూరి, రక్తనాళాలతో నిండిన కంటి వెనకభాగాన్ని తాకి, ఎర్రబడి, వచ్చిన దారినే తిరిగొస్తుంది. ఆ దారిలో లెన్స్ ఉంటే ఎరుపు పట్టుబడుతుంది. ఫోనులో ఫ్లాష్‌కీ లెన్స్‌కీ మధ్య దూరం సుమారు ఒక సెంటీమీటరు. 2 మీటర్ల నుంచి చూస్తే ఆ రెండిటి మధ్య కోణం అర డిగ్రీ కూడా లేదు, అంటే లెన్స్ సరిగ్గా దారిలోనే కూర్చుంది. గదిలో దీపాలు వేస్తే కంటిపాప 3 మిల్లీమీటర్లకి కుంచించుకుంటుంది. వెలుగు దూరే కిటికీ అయిదో వంతుకి పడిపోతుంది. ఫొటోకి ముందు ఫ్లాష్ ఒకసారి వెలిగేది ఫోకస్, వెలుగు లెక్క చూసుకోవడానికే అయినా, దానివల్ల కంటిపాప కొంత ముడుచుకుంటుంది. అది వెలగగానే ఫొటో అయిపోయిందనుకుని అందరూ కదులుతారు, అదే చిక్కు.

నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం రెండో ఫోను. దాని టార్చి వెలిగించి, పక్కన నిలబడ్డవాళ్ల చేత తెల్లటి సీలింగుకేసి పట్టించండి. మీ ఫోనులో ఫ్లాష్ ఆపేయండి. ఇప్పుడు ముఖాల మీద పడే వెలుగు గింజంత ఎల్ఈడీ నుంచి కాక, సీలింగు మీద పరుచుకున్న మీటరు వెడల్పు మచ్చ నుంచి వస్తోంది. నీడల అంచులు మెత్తబడతాయి, జిడ్డుచర్మం మీది మెరుపు తగ్గుతుంది, కోణం మారింది కాబట్టి ఎర్రకళ్లు ఉండవు. సీలింగుకి రంగుంటే ఆ రంగే ముఖాలకీ అంటుతుంది, వెలుగు కూడా బాగా నష్టపోతుంది. కాబట్టి ఫోను కదలకుండా దేనికైనా ఆనించి తీయాలి. ఫ్లాష్ మీద టిష్యూ కాగితం అంటించే చిట్కా మాత్రం వట్టిది. మచ్చ ఇంకా గింజంతే ఉంటుంది, వెలుగే తగ్గుతుంది.

ఫ్లాష్ అసలు వాడకూడని చోట్లు కొన్ని. 4 మీటర్లు దాటిన వేదిక మీది మనిషికి అది దాదాపు అందదు, మీ ముందు వరసవాళ్ల తలలే వెలుగుతాయి. అద్దం, గాజు ఫ్రేముల ఎదురుగా వద్దు. కళ్లద్దాల వాళ్లని తల కొంచెం వంచమనండి. పరుగెత్తే పిల్లల్ని కూడా ఇది నిలపలేదు. పాత కెమెరాల గ్యాస్ ఫ్లాష్ సెకనులో వెయ్యోవంతులోపే మెరిసి ఆరిపోయేది, ఫోన్ ఎల్ఈడీ అంతకంటే చాలాసేపు నీరసంగా వెలుగుతుంది, ఈలోగా చెయ్యి కదిలిపోతుంది.

ఇంకొక్క మాట. ఎర్రకన్ను భయపడాల్సింది కాదు. పసిపిల్లల ఫొటోల్లో ఒక కన్ను ఎర్రగా, రెండోది మళ్లీ మళ్లీ తెల్లగా మెరుస్తుంటే సంగతి వేరు. ఒక్కోసారి అది చూపు కోణం వల్ల కావచ్చు. కానీ శుక్లం, రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కూడా అలాగే కనపడతాయి. ఆ ఫొటోలను తొలగించకుండా, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకి చూపించండి.