చిన్న అప్పు ముందా, పెద్ద వడ్డీ ముందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో చిన్న వ్యాపారుల అప్పుల లెక్కలు చూసిపెట్టడం నా పని. ఈమధ్య గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు అమ్మే ఒకామె ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకొచ్చింది. కమ్మలు కుదువపెట్టిన రసీదు ఒకటి, రెండు ప్రోనోట్ల జిరాక్సులు. "అన్నా, ముందు కమ్మలు విడిపించుకుంటాను. ఒక అప్పైనా పోయిందంటే కొంచెం టెన్షన్ తగ్గుతుంది" అంది.

ఆమె అప్పులు ఇవి. కమ్మల మీద 20,000, నూటికి రూపాయి వడ్డీ. ఒక ప్రోనోటు 40,000, నూటికి రెండు. ఇంకొకటి 60,000, నూటికి మూడు. ఇల్లు గడిచాక నెలకు 12,000 కట్టగలదు. మూడింటికీ వడ్డీ కట్టేసి, మిగిలింది ఏదో ఒక అసలుకు జమ చెయ్యాలి. ఏ అసలుకన్నదే ప్రశ్న.

అపోహ: ఎటు కట్టినా అదే డబ్బు, వరుస ఏదైనా ఒకటే.

మొదటి నెల వడ్డీలు 200, 800, 1,800 కలిపి 2,800. అసలుకు మిగిలేది 9,200. దాన్ని కమ్మల లోనుకు కడితే వచ్చే నెల 92 రూపాయల వడ్డీ తగ్గుతుంది. మూడు రూపాయల నోటుకు కడితే 276 తగ్గుతుంది. అలా మిగిలిన వడ్డీ కూడా మళ్లీ అసలుకే పోతుంది కాబట్టి నెలనెలా తేడా పెరుగుతుంది.

చిన్న అప్పుతో మొదలుపెట్టడాన్ని స్నోబాల్ పద్ధతి అంటారు. ఆ వరుసలో కమ్మలు మూడో నెలలో ఇంటికొస్తాయి, 40,000 నోటు ఏడో నెలలో తీరుతుంది, పెద్ద నోటు పన్నెండో నెలలో. మొత్తం వడ్డీ సుమారు 21,420. పెద్ద వడ్డీ నుంచి మొదలుపెడితే 60,000 నోటు ఏడో నెలలో తీరుతుంది, 40,000 నోటు పదో నెలలో, కమ్మలు పన్నెండో నెలలో వస్తాయి. వడ్డీ సుమారు 15,380. రెండు దారుల్లోనూ పన్నెండు నెలలే పడుతుంది. తేడా ఆరు వేలు. ఆమె నెలంతా కష్టపడి కట్టే డబ్బులో సగం అది.

అపోహ: అలాగైతే స్నోబాల్ తెలివితక్కువ పని.

కాదు. రెండో దారిలో ఆరు నెలల పాటు ఒక్క కాగితం కూడా చేతికి రాదు. కడుతూనే ఉంటాం, ముగ్గురికీ బాకీ ఉంటూనే ఉంటాం. నేను చూసినంతలో మనుషులు నీరసపడేది నాలుగో నెల, ఐదో నెల. ఇంట్లో ఏదో ఖర్చు వచ్చి, కట్టాల్సింది ఆపేసి, ఇంకో 20,000 నూటికి మూడుకు తెస్తారు. దాని వడ్డీ నెలకు 600. పది నెలలు అది నడిస్తే ఆరు వేలు, అంటే మిగిలిందనుకున్నదంతా పోయినట్టే. ఆగకుండా కట్టగలనన్న ధైర్యం ఉంటే పెద్ద వడ్డీ ముందు. ఇంతకుముందు మధ్యలో ఆపేసిన అలవాటుంటే చిన్నది ముందు. రెండూ ఒకటే అప్పయితే, అంటే చిన్నదానికే వడ్డీ కూడా ఎక్కువైతే, ఆలోచించే పనే లేదు.

ఆమెకు మధ్య దారి చూపించాను. ముందు కమ్మలు, ఆ తర్వాత నేరుగా మూడు రూపాయల నోటు, చివర 40,000. అప్పుడు వడ్డీ సుమారు 18,890 అవుతుంది. అంటే పెద్ద వడ్డీ దారి కన్నా మూడున్నర వేలు ఎక్కువ, పూర్తి స్నోబాల్ కన్నా రెండున్నర వేలు తక్కువ. చెల్లెలి పెళ్లికి కమ్మలు కావాలి, అందుకే దీనికే ఒప్పుకుంది. నాకూ అది సరైనదే అనిపించింది.

అపోహ: లెక్క తేలిందిగా, ఇక కట్టడమే.

ముందు అప్పిచ్చినాయన్ని అడగాలి. అసలు కొంచెం కొంచెంగా తీసుకుంటాడా? "ఇస్తే మొత్తం ఒకేసారి ఇవ్వు, ముక్కలుగా వద్దు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా అంటే పై లెక్క పనికిరాదు. 60,000 పోగయ్యేదాకా డబ్బు మన దగ్గర ఊరకే ఉంటుంది, అక్కడ పూర్తి వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అయినా ఈమె లెక్కలో, ముందు రెండు రూపాయల నోటు తీర్చడం కన్నా 60,000 పోగేసి మూడు రూపాయల నోటే ముందు తీర్చేస్తే మొత్తం వడ్డీ తక్కువ.

తీసుకుంటానంటే, కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో, మొత్తంతో చెల్లు వేయించుకోవాలి. ఎంత వడ్డీకి, ఎంత అసలుకు అన్నది విడివిడిగా రాయించాలి. లేకపోతే తర్వాత అంతా వడ్డీ కిందే పోయిందంటారు. మనం సంతకం పెట్టిన చెల్లుతో, మిగతా బాకీకి ఆయన దావా వేసుకునే మూడేళ్ల గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుందన్న సంగతీ తెలిసుండాలి. ఆఖరి కంతు కట్టిన రోజు అసలు నోటు వెనక్కి తీసుకోవాలి. జిరాక్సు కాదు, మన సంతకం పడ్డ ఒరిజినల్.