ప్యాక్‌మ్యాన్ 256వ లెవెల్‌లో ఎందుకు చెడిపోతుంది? కిల్ స్క్రీన్‌పై అపోహలు - వాస్తవాలు

ప్యాక్‌మ్యాన్ ఆర్కేడ్ గేమ్‌లో 255 లెవెల్స్ దాటి 256వ దానికి వెళ్తే, స్క్రీన్ ఎడమ సగం ఎప్పటిలాగే ఉంటుంది. కుడి సగం మాత్రం అక్షరాలు, అంకెలు, తునకలైన బొమ్మలు, రంగురంగుల మచ్చలతో నిండిపోతుంది. ఆట ఆగదు. ప్యాక్‌మ్యాన్ కదులుతూనే ఉంటాడు, దయ్యాలు తరుముతూనే ఉంటాయి. కానీ ఆ లెవెల్ పూర్తి చేయడం ఎవరి తరమూ కాదు. ఇలా ఆట ఇక ముందుకు సాగకుండా ఆగిపోయే చోటునే కిల్ స్క్రీన్ అంటారు.

నేను ఎంబెడెడ్ కోడ్ రాస్తాను. ఒక బైట్‌లో ఎంత పడుతుంది, అది దాటితే ఏమవుతుంది అన్న లెక్కలతోనే నా రోజు గడుస్తుంది. కిల్ స్క్రీన్ గురించి తోటి ఇంజనీర్లు కూడా చెప్పే మాటల్లో కొన్ని పూర్తిగా తప్పు, ఒకటి మాత్రం చాలావరకు నిజమే అయినా అసలు చోటు చూపించదు. ఆ ఒక్కదాని మీదే ఇక్కడ ఎక్కువసేపు ఉంటాను.

అపోహ: ఆటకు ముగింపుగా కంపెనీయే అలా పెట్టింది.

లేదు. 1980లో నామ్కో తరఫున టోరు ఇవాటాని బృందం చేసిన ఈ ఆటకు ముగింపు అనేదే అనుకోలేదు. 21వ లెవెల్ నుంచి ఆట కష్టం ఇక పెరగదు. అదే వేగం, దయ్యాలు నీలంగా మారవు, పండు స్థానంలో ఎప్పుడూ తాళంచెవే. అక్కడిదాకా వచ్చినవాడు కాసేపట్లో ఓడిపోతాడని అనుకుని ఉంటే అందులో వింత లేదు. కానీ ఈ ఆటలో దయ్యాల కదలికకు ఒక పద్ధతి ఉంది. మీరు ప్రతిసారీ సరిగ్గా ఒకే దారిలో వెళ్తే అవీ ఒకేలా స్పందిస్తాయి. 21 తర్వాత అన్ని లెవెల్సూ ఒకటే కాబట్టి, ఒక్క దారి కంఠస్థం చేసినవాళ్లు గంటల తరబడి దాన్నే తిప్పితిప్పి ఆడుతూ 256దాకా చేరగలిగారు.

అపోహ: అన్ని గంటలు ఆడితే మెషిన్ వేడెక్కి, మెమరీ నిండిపోయి అలా అవుతుంది.

ఇది తేల్చుకోవడం సులువు. ఈ ఆటలో లెవెల్స్ దాటవేయడానికి రాక్ టెస్ట్ అనే స్విచ్ ఉంది. పాత ఆర్కేడ్ ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే మామ్ ఎమ్యులేటర్‌లోనూ అది కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే లెవెల్స్ వాటంతటవే దాటిపోయి, ఆడకుండానే 256 వస్తుంది. అక్కడా అదే చెత్త, అవే గడుల్లో, అవే రంగుల్లో. వేడి వల్లనో చిప్ అలసి పోవడం వల్లనో అయితే ప్రతిసారీ, ప్రతి మెషిన్‌లో ఒక్క గడి కూడా తేడా రాకుండా ఉండదు.

అపోహ: లెవెల్ నంబరు దాచే బైట్ 256 దగ్గర నిండిపోయి సున్నా అవుతుంది, అందుకే స్క్రీన్ చెడిపోతుంది.

చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇక్కడితో ఆగిపోతారు. 8 బిట్లలో 0 నుంచి 255 వరకే పడుతుంది, 255కి ఒకటి కలిపితే పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ అయ్యాక సున్నాలకు తిరిగినట్టు మళ్లీ 0 వస్తుంది. ఇంతవరకు నిజం. కానీ ఈ ఆట లెవెల్స్‌ను సున్నా నుంచి లెక్కపెడుతుంది. మొదటి లెవెల్ ఆడుతున్నప్పుడు ఆ బైట్‌లో 0 ఉంటుంది. అంటే 256వ లెవెల్ ఆడుతున్నప్పుడు అందులో ఉండేది 255. అది ఇంకా తిరగలేదు, భేషుగ్గా ఉంది. మరి చెడింది ఎక్కడ?

స్క్రీన్ అడుగున కుడివైపు చిన్న పండ్ల వరుస గుర్తుందా? ఎన్నో లెవెల్‌లో ఉన్నారో చెప్పే అలంకారం అది. ఏడు పండ్లకు మించి చోటు లేదు. దాన్ని గీసే కోడ్ మొదలయ్యేది ఇలా (మధ్యలో కొన్ని లైన్లు తీసేశాను):

```
LD  A,(4E13h)   ; లెవెల్ నంబరు
INC A           ; 1 కలుపు
CP  8           ; 8తో పోల్చు
JP  NC,2C2Eh    ; 8 లేదా ఎక్కువైతే అటు వెళ్లు
LD  B,A         ; లేకపోతే ఇన్ని పండ్లు గీయి
```

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 8085 కిట్ మీద హెక్స్ కోడ్ కొట్టినవాళ్లకు ఇది చదవడం కష్టం కాదు. ప్యాక్‌మ్యాన్‌లో ఉన్న జెడ్80 ప్రాసెసర్, ఆ 8085 రెండూ 8080 వంశంలోవే. లెవెల్ నంబరు తెచ్చి, మనుషులు లెక్కపెట్టినట్టు ఉండేందుకు ఒకటి కలిపి, ఫలితం 8 కంటే తక్కువైతే అన్ని పండ్లు గీస్తుంది. 8 లేదా అంతకంటే ఎక్కువైతే వేరే దారిలోకి వెళ్లి చివరి ఏడే చూపిస్తుంది. అంటే పెద్ద నంబర్ల కోసం కాపలా ఉంది. రాసినవాళ్లు దాన్ని మరిచిపోలేదు.

256వ లెవెల్‌లో A లోకి 255 వస్తుంది. INC తర్వాత అది 0. ఈ INC సూచన క్యారీ ఫ్లాగ్‌ను ముట్టుకోదు కాబట్టి లెక్క పొంగిపోయిందని ఆ ఫ్లాగ్ చూసి తెలుసుకునే వీలు కూడా లేదు. జీరో ఫ్లాగ్ వెలుగుతుంది గానీ దాన్ని అడిగినవాళ్లు లేరు. తర్వాత 8తో పోల్చితే, 0 తక్కువే. కాబట్టి కోడ్ తక్కువ పండ్ల దారిలోకి వెళ్తుంది, సున్నా పండ్లు గీయాలని.

సున్నా పండ్లంటే ఏమీ గీయకుండా వదిలేయాలి కదా? లూప్ చివర ఉన్న DJNZ అనే సూచన ముందు B లోంచి ఒకటి తీసేస్తుంది, ఆ తర్వాతే సున్నా అయిందా అని చూస్తుంది. 0 లోంచి 1 తీస్తే 255. సున్నా కాదు, కాబట్టి మళ్లీ తిరుగుతుంది. అలా మొత్తం 256 సార్లు. ఏడు పట్టే చోట 256 పండ్లు.

అపోహ: కుడివైపు కనిపించేది అర్థంలేని చెత్త. సగం దగ్గర ఆగడం యాదృచ్ఛికం.

రెండూ లెక్క ప్రకారమే జరుగుతాయి. స్క్రీన్ మీది గడుల కోసం మెమరీలో 1024 బైట్లు ఉన్నాయి. మొదటి 64 అడుగు వరుసలవి, పండ్లు ఉండేది అక్కడే. వాటి తర్వాత ఆట మైదానం కుడి అంచు నుంచి మొదలై ఒక్కో నిలువు వరుసగా ఎడమకు వెళ్తుంది. ఒక్కో పండు గీశాక కోడ్ రెండు బైట్లు ముందుకు జరుగుతుంది. 256 పండ్లకు 512 బైట్లు, అంటే 1024లో సరిగ్గా సగం. మైదానంలో 28 నిలువు వరుసలుంటే కుడివైపు 14 వరుసలు దాటగానే రాత ఆగిపోతుంది.

గీసేవన్నీ పండ్లు కావు. పండ్ల పట్టికలో 20 నమోదులే ఉన్నాయి. అవి అయిపోయాక కోడ్ ఆగకుండా పట్టిక పక్కనున్న రోమ్ బైట్లను కూడా బొమ్మ నంబర్లుగా, రంగు నంబర్లుగా చదివేస్తుంది. ఆ బైట్లు ఎప్పుడూ మారవు, అందుకే మచ్చలూ మారవు. మచ్చల వెనక పాత చిట్టడవి కూడా లేదు. గోడ ఎక్కడుంది, చుక్క ఎక్కడుంది అని ఆట చూసేది ఈ స్క్రీన్ మెమరీలోనే, అది ఇప్పుడు చెరిగిపోయింది.

అపోహ: బాగా ఆడితే 256 కూడా దాటొచ్చు.

లెవెల్ ముగిసిందా అని తెలుసుకోవడానికి ఆట మిగిలిన చుక్కల్ని వెతకదు, తిన్నవాటిని లెక్కపెడుతుంది. 240 చిన్న చుక్కలు, 4 పెద్దవి, మొత్తం 244 తింటే లెవెల్ పూర్తి. 256లో ఎడమ సగంలో 112 చిన్నవి, 2 పెద్దవి బాగానే ఉంటాయి. కుడివైపు ఆ రోమ్ బైట్లలో కొన్ని అనుకోకుండా చుక్క నంబరుతో సరిపోవడంతో అక్కడ మరో 9 చుక్కలు పుడతాయి. వాటిలో కొన్ని కంటికి సరిగా కనబడవు. ప్రాణం పోయిన ప్రతిసారీ పండ్ల వరుస మళ్లీ గీయాలి కాబట్టి ఆ 9 తిరిగి వస్తాయి.

సరే, ప్రాణాలు పణంగా పెట్టి లెక్క నింపుదాం అనుకుందాం. ఐదు ప్రాణాల సెట్టింగ్‌లో ఒక బోనస్ కలిపి, ఒక్కటీ పోగొట్టుకోకుండా వస్తే చేతిలో ఆరు. 9 చొప్పున ఆరుసార్లు 54. ఎడమవైపు 114 కలిపితే 168. కావాల్సింది 244. ఎంత గొప్ప ఆటగాడైనా 76 తక్కువే.

ఈ 168 సరైనదేనని స్కోరు కూడా సాక్ష్యం చెబుతుంది. లెవెల్‌లో మొదటి పండు 70 చుక్కలు తిన్నాక, రెండోది 170 తిన్నాక వస్తుంది. కాబట్టి 256లో ఒక్క తాళంచెవే దొరుకుతుంది, 5,000 పాయింట్లు. చిన్న చుక్కలు 166కి 1,660, రెండు పెద్దవాటికి 100 కలిపితే 6,760. మొదటి 255 లెవెల్స్‌లో ఏదీ వదలకుండా తెచ్చుకోగలిగేది 33,26,600. రెండూ కలిపితే 33,33,360. ప్యాక్‌మ్యాన్‌లో పర్ఫెక్ట్ స్కోరుగా ప్రపంచమంతా ఒప్పుకున్న అంకె ఇదే. 1982లో ఎనిమిదేళ్ల అబ్బాయి 61,31,940 సాధించాడని అమెరికా అధ్యక్షుడు రీగన్ నుంచి అభినందన లేఖ కూడా వచ్చింది. అసలు బోర్డు మీద అది సాధ్యమయ్యే స్కోరు కాదు.

అపోహ: ప్రతి కిల్ స్క్రీనూ 256వ లెవెల్ దగ్గరే వస్తుంది.

1981 నాటి డాంకీ కాంగ్‌లో అది 22వ లెవెల్‌లోనే వస్తుంది. అక్కడ తిరిగిపోయేది బోనస్ టైమర్ లెక్క. లెవెల్‌ను 10తో గుణించి 40 కలిపితే వచ్చేది వందల్లో టైమర్. మొదటి లెవెల్‌కు 50, అంటే 5000. నాలుగో లెవెల్‌కు 80, ఆపైన ఎంత వచ్చినా 80కే కుదిస్తారు. 21వ లెవెల్‌కు 250 వస్తుంది, దాన్ని 80 చేస్తారు. 22కి 260 రావాలి, ఒక బైట్‌లో అది 4 అవుతుంది. 4 ఎలాగూ 80 కంటే తక్కువే కదా, అలాగే వదిలేస్తారు. టైమర్ 400తో మొదలవుతుంది, మారియో పైకి చేరేలోపే చచ్చిపోతాడు. స్క్రీన్ మీద ఒక్క మచ్చ కూడా ఉండదు.

రెండు ఆటల్లోనూ 8 బిట్ల పరిమితి ఒకటే, తప్పు కూడా ఒకటే. పెద్ద నంబర్లను ఆపే కాపలా రెండింట్లోనూ ఉంది. లెక్క పొంగిపోయే చోటుకు ముందు నిలబడాల్సినది తర్వాత నిలబడింది.

అపోహ: దీన్ని సరిచేయాలంటే 16-బిట్ చిప్, ఎక్కువ మెమరీ కావాలి.

ప్యాక్‌మ్యాన్‌కు కావాల్సింది మూడు బైట్లు, INC A తర్వాత:

```
    JR  NZ,ok
    DEC A
ok: CP  8
```

0 వస్తే వెనక్కి 255 చేసేయి, అంతే. అప్పుడు 8తో పోలిక సరిగ్గా పనిచేసి ఏడు తాళంచెవులు గీసి ఊరుకుంటుంది, 256వ లెవెల్ మిగతావాటిలాగే ఆడొచ్చు. అది దాటాక మాత్రం లెవెల్ బైట్ నిజంగానే 0కి తిరుగుతుంది. పండ్లు మళ్లీ చెర్రీతో మొదలవుతాయి, మధ్యలో వచ్చే చిన్న కార్టూన్లు కూడా. దయ్యాల కష్టస్థాయి వేరే చోట దాచి ఉంటుంది కాబట్టి అది దిగదు. మొదటి లెవెల్ పండు పక్కన 21 దాటిన వేగంతో, నీలంగా మారని దయ్యాలే తిరుగుతుంటాయి.