ముట్టుకోని అసలు

మా బాబాయి పోర్టులో రిటైరై పదేళ్లు దాటింది. అప్పుడు చేతికొచ్చిన డబ్బులో 10 లక్షలు బ్యాంకులో డిపాజిట్ వేసి, నెలనెలా వడ్డీ మాత్రం తీసుకుంటున్నాడు. మొన్న ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి చెరో సంచీ పట్టుకుని వస్తుంటే అన్నాడు: "అసలులో ఒక్క రూపాయి ముట్టుకోలేదురా. అప్పట్లో నెలంతా వచ్చిన వడ్డీ ఇప్పుడు ఇరవయ్యో తారీఖుకే అయిపోతోంది."

పాస్‌బుక్ చూస్తే ఆయన మాట నిజమే. కానీ ఆ పదేళ్లూ ఆయన తిన్నది వడ్డీ ఒక్కటే కాదు, అసలు కూడా.

పిన్ని పద్దు పుస్తకం తెరిస్తే ఇది తెలుస్తుంది. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటిపోయి గొడవైంది గుర్తుందా? పుస్తకంలో ఆ నెల ఎర్ర ఇంకుతో గీత ఉంది. రెండు నెలలు తిరిగేసరికి ధర దిగింది. అది టమాటా కొరత. ద్రవ్యోల్బణం అంటే వేరు. పాలు, గ్యాస్, బీపీ మాత్రలు, పనిమనిషి జీతం, సందు చివర ఇడ్లీ ప్లేటు, ఇవన్నీ తలా కాస్త పెరిగి, పెరిగిన చోటే నిలబడిపోవడం. వీటికి ఎర్ర గీతలు లేవు, ఏ నెలకా నెల చూస్తే తేడా అంతగా కనపడదు కాబట్టి. దేశం మొత్తానికి ఇలాంటి పద్దునే ప్రభుత్వ గణాంకాల శాఖ రాస్తుంది, దాన్ని వినియోగదారుల ధరల సూచీ అంటారు. 2015-16 నుంచి 2024-25 వరకు ఆ సూచీ ఏడాదికి సగటున దాదాపు 5 శాతం పెరిగింది.

ఇప్పుడు బాబాయి డబ్బుకొద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి వడ్డీ 7 శాతం, ధరల పెరుగుదల 5 శాతం అనుకుందాం. ఏడాదికి వడ్డీ 70,000. నెలకు 5,800 పైచిలుకు. కానీ ఏడాది గడిచేసరికి, మొదట్లో 10 లక్షలకు వచ్చే సరుకుకు 10 లక్షల 50 వేలు కావాలి. అంటే ఆ 70,000లో 50,000 అసలుకు పడిన చిల్లు పూడ్చడానికే సరి. నిజంగా సంపాదన అనదగ్గది 20,000. నెలకు 1,667 రూపాయలు!

బాబాయి ఆ 50,000 తిరిగి డిపాజిట్‌లో కలపలేదు. ఎవరు కలుపుతారు? బ్యాంకు దాన్ని వడ్డీ అనే పేరుతోనే ఇస్తుంది, మనం అదే పేరుతో ఖర్చు పెడతాం. ఇలా పదేళ్లు సాగితే ధరలు సుమారు 1.63 రెట్లు అవుతాయి. కాగితం మీద 10 లక్షలు చెక్కుచెదరదు. దానికి వచ్చే సరుకు మాత్రం మొదట్లో 6 లక్షల 14 వేలకు వచ్చినంతే. నెల వడ్డీ 5,833 కూడా అంతే, పాత లెక్కలో 3,580కి దిగిపోతుంది. బాబాయి చెప్పిన ఇరవయ్యో తారీఖు ఇక్కడే ఉంది.

పన్ను సంగతి ఇంకా చిరాకు. ఆదాయపు పన్నుకు ఈ విడదీత తెలియదు. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లు మొత్తం 70,000 మీద కడితే 14,000 పోతుంది. నిజమైన 20,000లో మిగిలేది 6,000. కొన్నిసార్లు వడ్డీయే ధరల కన్నా వెనకబడుతుంది. 2020-21లో సగటు ద్రవ్యోల్బణం 6.2 శాతమైతే, చాలా బ్యాంకులు ఏడాది డిపాజిట్‌కు 5 శాతం అటూ ఇటూ ఇచ్చాయి. ఆ ఏడు వడ్డీ పైసా ముట్టకుండా కలిపినవాళ్ల అసలు కూడా కాస్త కరిగింది.

ఎప్పుడూ ఇలాగే ఉంటుందనీ కాదు. 2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. అలాంటప్పుడు పాత రేటుకు వేసిన డిపాజిట్ బాగా గిట్టుబాటు. అయితే అది పెరుగుదల ఆగడమే. పదేళ్లలో పెరిగిన ధరలు వెనక్కి రాలేదు, ఇడ్లీ ప్లేటు పాత రేటుకు దిగలేదు. పైగా అదే ఏడాది రిజర్వ్ బ్యాంకు తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు తగ్గించడంతో, కొత్తగా వేసే డిపాజిట్లకు వడ్డీ కూడా తగ్గింది.

ఇంకో చిక్కు ఏమిటంటే సూచీ సగటు కుటుంబానిది. పిన్ని పుస్తకంలో మందుల పద్దు ఏటేటా పొడుగవుతోంది. వాళ్లింటి ద్రవ్యోల్బణం ఎంతో తెలియాలంటే సూచీ కన్నా ఆ పుస్తకమే నయం. అవే సరుకులు, అంతే మోతాదు, రెండేళ్ల పేజీలు పక్కపక్కన పెట్టి చూడాలి.

నెలకు 1,667 అని చెప్పగానే బాబాయి సంచీ కింద పెట్టేశాడు. "దాంతో పాల బిల్లు కూడా తీరదు కదరా." ఆ తర్వాత రెన్యువల్‌కి వెళ్లి ఆరు లక్షలకు నెలవారీ వడ్డీ, నాలుగు లక్షలకు వడ్డీ అసలులోనే కలిసేలా రాయించుకొచ్చాడు. నెలకు వచ్చేది తగ్గిందని పిన్ని ఇంకా కోపంగానే ఉంది.