రెజ్యూమే పైన మూడు వాక్యాలు

పిల్లలూ,

మీ రెజ్యూమేల్లో పైన అందరిదీ ఒకటే పాట: 'పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం కోరుతున్నాను.' ఇరవై ఏళ్లు ఇంటర్వ్యూలు చేసినవాణ్ణి. ఆ వాక్యం కనపడగానే నా కన్ను కింది లైనుకు జారిపోయేది.

మొన్న కావలిలో మా ఎదురింటి అమ్మాయి తన రెజ్యూమే పట్టుకొచ్చింది. ఈసీఈలో బీటెక్ అయింది. అల్లూరు వైపు ఒక రొయ్యల గుంటలో నీటిలోని ఆక్సిజన్ కొలిచి, తగ్గితే రైతు ఫోనుకు మెసేజ్ పంపే పరికరం నలుగురు కలిసి చేశారట. గుంటల దగ్గర పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రైతు పని అయిపోయినట్టే. ఇంత పని చేసి, 'ఐఓటీ ప్రాజెక్టు, 95 శాతం ఖచ్చితత్వం' అని రాసి ఊరుకుంది.

"ఆ 95 ఎక్కడిదమ్మా?"

"సీనియర్ల రిపోర్టులో ఉంది తాతయ్యా."

"సరే, నలుగురిలో నువ్వు చేసిందేంటి?"

"సెన్సర్ రీడింగు తీసుకునే కోడు, మెసేజ్ పంపే కోడు నావే."

నోట్‌బుక్ తెమ్మన్నాను. అసలు సరుకు అందులో ఉంది. 12 రోజుల్లో 40 సార్లు రైతు చేతి మీటరుతో పోల్చి చూశారు. 36 సార్లు తేడా లీటరుకు అర మిల్లీగ్రాము లోపే. మిగతా 4 సార్లు సెన్సర్ మీద పాచి పట్టింది, తుడిస్తే సరిపోయింది. ఆ పాచి సంగతి ఇంటర్వ్యూలో అడిగితే గుంట గట్టున నిలబడ్డవాళ్లే చెప్పగలరు.

ఇంటర్న్‌షిప్ ఆరు వారాలు, ఏరేటర్ల కంట్రోల్ ప్యానెళ్లు బాగుచేసే షెడ్డులో. 'నేర్చుకున్నాను' అని రాసింది. కదిపితే తేలింది, 25 ప్యానెళ్లను తనే మీటరుతో పరీక్షించి ఏ భాగం పోయిందో రిజిస్టరులో ఎక్కించిందని.

చివరికి ఇలా కుదిరింది:

'ఈసీఈ పట్టభద్రురాలిని, ఎంబెడెడ్ విభాగంలో ట్రైనీ ఇంజినీరు ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నలుగురి బృందంలో రొయ్యల గుంట ఆక్సిజన్ హెచ్చరిక పరికరానికి కోడ్ రాశాను, చేతి మీటరుతో పోల్చిన 40 రీడింగుల్లో 36 లీటరుకు అర మిల్లీగ్రాము తేడాలోపు వచ్చాయి. ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌లో 25 కంట్రోల్ ప్యానెళ్లను పరీక్షించి లోపాలు నమోదు చేశాను, సర్క్యూట్ పరీక్ష, సెన్సర్ కోడు రెండూ చేయగలను.'

ఇంగ్లీషులో రాసేటప్పుడు 'నేను' అనే మాట వదిలేయండి, అక్కడ అదే రివాజు. 'కష్టపడే స్వభావం' లాంటివి తీసేయించాను, అడిగితే రుజువు చూపలేం కదా. 'పాల్గొన్నాను' కూడా కొట్టేశాను. పక్కన కూర్చుని చూసినవాడూ ఆ మాటే రాస్తాడు. 'నలుగురి బృందంలో' అన్నది మాత్రం తీయనివ్వలేదు. అది లేకపోతే పరికరమంతా తనదే అనుకుని బ్యాటరీ గురించి అడుగుతారు, అది వేరే పిల్లవాడి పని.

వారం తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి అదే కాగితం పంపబోతే ఆపాను. మొదటి వాక్యంలో ఉద్యోగం పేరు మార్చి, రెండో దాంట్లో 40 రీడింగులు పోల్చడాన్ని ముందుకు, కోడును వెనక్కి జరిపాం. పావుగంట పట్టింది.

మీ తాతయ్య