అపోహలు - వాస్తవాలు: స్విచ్చి కట్టేసినా షాక్ కొట్టిన ఇస్త్రీపెట్టె

పర్లాకిమిడిలో మాది చిన్న రిపేరు కొట్టు. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఫ్యాన్లు. ఊళ్ళోవాళ్ళే కాక పాతపట్నం వైపు నుంచి కూడా సంచిలో వేసుకుని తెస్తారు. మొన్న వానల్లో మా వీధి పిన్ని ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చింది. "ఒరే నాయనా, స్విచ్చి కట్టేసినా కొడతందిరా ఇది. చీమ కుట్టినట్టు జివ్వుమంటంది" అంది. వెనకాలే వాళ్ళబ్బాయి, చేతిలో కొత్త టూల్‌కిట్టు. విప్పేద్దామనుకున్నాడట, మరలు తిరక్క ఆగాడు. తిరక్కపోవడమే మంచిదైంది.

అపోహ: కిట్టు ఎంత పెద్దదైతే అంత మంచిది.

అబ్బాయి పెట్టెలో నలభై సాకెట్లున్నాయి, అవి బండికి పనికొస్తాయి. మీటరు మాత్రం లేదు. ఇంటి సామాను చూసుకోవడానికి మొదట కావలసినవి చాలా తక్కువ. రెండో నంబరు స్టార్ స్క్రూడ్రైవరు, ఓ మోస్తరు మైనస్ స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, లైన్ టెస్టరు, ఇన్సులేషన్ టేపు, తలకి కట్టుకునే లైటు, మరలు వేసుకోవడానికో డబ్బా. వీటన్నిటికంటే ముందు బీప్ కొట్టే డిజిటల్ మల్టీమీటరు. మరలు తీసే సామానుకంటే తీయాలో వద్దో చెప్పే సామాను మీదే డబ్బు పెట్టండి. మా కొట్లో సిరీస్ బల్బు బోర్డు కూడా ఉంటుంది, చూసి ముచ్చటపడి చాలామంది ఇంట్లో చేసుకుంటామంటారు. దానితో పనంటే కరెంటు పెట్టి పరీక్షించడమే, కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు.

అపోహ: స్విచ్చి కట్టేస్తే సామానులో కరెంటుండదు.

గోడ మీది స్విచ్చి రెండు తీగల్లో ఒక్కదాన్నే తెంపుతుంది. అది ఫేజుదై ఉండాలి. పాత ఇళ్ళలో, చేయి తిరగనివాళ్ళు వేసిన బోర్డుల్లో, న్యూట్రల్ తీగను స్విచ్చికి కట్టి ఫేజును నేరుగా సాకెట్టుకి ఇచ్చేసినవి నేను ఎన్నో చూశాను. బల్బు ఆరిపోతుంది, ఇస్త్రీపెట్టె చల్లారుతుంది, ఎవరికీ అనుమానం రాదు. లోపల మాత్రం 230 వోల్టులు అలాగే కూర్చుని ఉంటాయి.

పిన్ని ఇంటికి వెళ్ళి చూస్తే సరిగ్గా అదే. సాకెట్టుకి ఎదురుగా నిలబడితే పైన పెద్ద కన్నం ఎర్త్, కుడి చేతివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. స్విచ్చి కట్టేసి కుడి కన్నంలో టెస్టరు పెట్టాను, వెలిగింది. అందుకే సామాను ముట్టేముందు ప్లగ్గు ఊడబీకాలి. ఊడబీకిన ప్లగ్గు పని అయ్యేదాకా మన కళ్ళ ముందే ఉండాలి. సీలింగ్ ఫ్యానుకి ప్లగ్గుండదు గనుక మెయిన్ కట్టేయాలి.

అపోహ: టెస్టరు వెలగకపోతే కరెంటు లేనట్టే.

టెస్టరు మన ఒంటి గుండా వెళ్ళే పిసరంత కరెంటుతో వెలుగుతుంది. ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడ్డా, మందపాటి చెప్పులేసుకున్నా, పట్టపగలు ఎండలో చూసినా వెలుగు కనబడకపోవచ్చు. లోపలి నియాన్ బల్బు పోయి ఉండొచ్చు కూడా. అందుకని ముందు కచ్చితంగా కరెంటున్న సాకెట్టులో వెలిగించి చూడాలి, తరవాత అనుమానమున్న చోట పెట్టాలి, మళ్ళీ మొదటి సాకెట్టుకొచ్చి ఇంకా వెలుగుతోందో లేదో చూసుకోవాలి. మూడోది అందరూ ఎగ్గొడతారు.

అపోహ: వేడెక్కుతోంది కదా, ఎలిమెంటు బాగానే ఉంది.

పిన్ని మాటా ఇదే. "సుబ్బరంగా కాల్తందిరా, షాకొక్కటే" అంది. విప్పకుండా ప్లగ్గు పిన్నుల దగ్గరే నిజం తేల్చవచ్చు. దానికి వరస ఉంది, ఆ వరస తప్పితే మీటరు అబద్ధం చెబుతుంది.

ప్లగ్గు తీసి, పెట్టె చల్లారాక, ముందు వైరు మొత్తం వేళ్ళతో తడిమి చూశాను. పెట్టెలోకి వైరు దూరే చోట మెత్తగా తగిలింది. అక్కడే మడత పడుతుంది, అక్కడే లోపలి తీగలు తెగుతాయి. తరవాత మీటరు కర్రలు రెండూ ఒకదానికొకటి ఆనించి బీప్ వస్తోందని చూసుకుని, ఒకటి ఎర్త్ పిన్నుకి, ఒకటి పెట్టె అడుగున మెరిసే లోహానికి పెట్టాను. బీప్ రావాలి, రాలేదు. అంటే వైరులో ఎర్త్ తీగ తెగింది.

ఇక్కడే అబ్బాయి మీటరు లాక్కుని ఫేజు పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య పెట్టి చూశాడు. తెర మీద OL వచ్చింది, అంటే ఆ రెంటి మధ్య కరెంటు పోయే దారి లేదని. "లీకేజీ లేదన్నా" అన్నాడు. తెగిపోయిన తీగ లీకేజీ సంగతి ఎలా చెబుతుంది? ఎర్త్ పిన్నుకీ బాడీకీ బీప్ వస్తేనే ఆ పరీక్షకి విలువ. రాకపోతే నేరుగా బాడీ మీద చూడాలి.

అలా చూశాం. వేడి నాబ్ ఎక్కువకి తిప్పి ఉంచాలి, లేకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండి ఏమీ చూపించదు. ఫేజు, న్యూట్రల్ పిన్నుల మధ్య 71 ఓములు వచ్చింది. 750 వాట్ల పెట్టెకి 230ని 230తో గుణించి 750తో భాగిస్తే 70 చిల్లర వస్తుంది కాబట్టి అది సరైన లెక్కే. కాయిలు తెగలేదు, అందుకే కాలుతోంది. ఫేజు పిన్ను నుంచి బాడీకి పెడితే 26. న్యూట్రల్ పిన్ను నుంచి బాడీకి 45. రెండూ కలిపితే మళ్ళీ 71. అంటే కాయిలు మధ్యలో ఒక చోట బాడీకి అంటుకుంది.

ఇప్పుడు పిన్ని చెప్పిన వింత తేలిపోయింది. స్విచ్చి వేసినప్పుడు కాయిలు పొడవునా వోల్టేజీ మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తుంది, అంటుకున్న చోట 146 వోల్టులు దాకా ఉంటుంది. స్విచ్చి కట్టేస్తే తెగేది న్యూట్రల్, కరెంటు పారదు, మెట్లూ ఉండవు. కాయిలు మొత్తం, దానితో బాడీ కూడా, 230 దగ్గర నిలబడతాయి. కట్టేశాకే షాకు ఎక్కువ! పొడి గచ్చు మీద చెప్పులతో ఉంది కాబట్టి చీమ కుట్టినట్టయింది. తడి నేల మీద వట్టి కాళ్ళతో అయితే ఆవిడ మన మధ్య ఉండేది కాదు.

ఈ మీటరు పరీక్షకో హద్దు ఉంది. మీటరు లోపల ఉండేది చిన్న బ్యాటరీ. 230 వోల్టుల దగ్గర మాత్రమే, లేదా వేడెక్కాక మాత్రమే లీకయ్యే సామాను దీనికి దొరకదు. ముట్టుకుంటే జివ్వుమంటూ, మీటరులో OL చూపించే పెట్టెను బాగుందని వాడొద్దు, 500 వోల్టులు పెట్టి లీకేజీ పట్టే మెగ్గరున్న వాళ్ళకి చూపించండి. మైక్రోవేవ్ అయితే ప్లగ్గు పీకినా విప్పకండి, అందులో కెపాసిటరు వేల వోల్టులు పట్టుకుని ఉంటుంది.

పిన్ని పెట్టెలో ఎలిమెంటు అడుగు రేకులోనే పోత పోసినది, మారదు. వైరు మొదలంటా కోసేసి ఇచ్చాను, పాత సామాన్లవాడి దగ్గర కొనుక్కున్నవాళ్ళు మళ్ళీ ప్లగ్గులో పెట్టకుండా. "వైరు బాగానే ఉంది కదరా, దండెం కట్టుకుందును" అని సణిగింది. బోర్డు సరిచేయించడానికి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. అబ్బాయి సాకెట్ల పెట్టె కొన్నచోటే వెనక్కిచ్చేసి మీటరు తెచ్చుకున్నాడు, మొదటి రోజే ఇంట్లో ప్లగ్గులన్నిటికీ ఎర్త్ బీప్ చూశాడట. గ్రైండరుకి రాలేదని ఇప్పుడు అది నా బల్ల మీద ఉంది.